పదో రోజు గూడు: మా రూప ఒక్క వారంలో కట్టిన సీమ

మా రూప మొదటి గెలుపు ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి, గణితం. రెండుసార్లు తప్పి, మూడోసారి రాసి, నలభై ఒక్క మార్కులతో పాసైంది. ఆ నలభై ఒకటిలో ఆరు మార్కులు పాచికల లెక్కవి. పాచిక వేస్తే ఫలానా అంకె పడే అవకాశం ఎంత అని అడిగే పాఠం. పుస్తకంలో చదివితే తలకెక్కలేదని బట్టల సబ్బు ముక్కను కోసి పాచిక చేసుకుంది. దాన్ని మూడు వందలసార్లు వేసి, పడినవన్నీ మా పట్టుపురుగుల షెడ్డు గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది. ఏటేటా షెడ్డుకు సున్నం కొట్టేటప్పుడు ఆ మూరెడు గోడ వదిలేయమని నేనే చెబుతాను. కావాలంటే మా ఊరొచ్చి చూడవచ్చు.

రూప నా రెండో కూతురి బిడ్డ. ఐదో ఏట నుంచి చింతామణి తాలూకాలోని మా ఇంట్లోనే పెరిగింది. నా పేరు గోవిందప్ప. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పాల సొసైటీకి మూడుసార్లు అధ్యక్షుణ్ణి. మా చుట్టుపక్కల పురుగులకు ఇంటినుంచి వేరుగా షెడ్డు కట్టిన మొదటి రైతును నేనే. మేలురకం తెల్లగూళ్ళ పట్టుపంట తీయడం మా నేలలో కుదరదని అందరూ అన్న కాలంలో తీసి చూపించాను. ఇవి చెప్పకపోతే ఆ పిల్ల పట్టుదల ఎక్కడిదో చదివేవారికి తెలియదు కనుక చెబుతున్నాను.

రూపకు ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. చిక్కబళ్ళాపురంలో ఒక జెరాక్సు, డీటీపీ అంగడిలో పని. అదే అంగడి మిద్దె మీద గదిలో ఆదివారం ఆదివారం ఒక ఆట నడుస్తుంది. వాళ్ళు దాన్ని బల్ల ఆట అంటారు. నేను మొదట్లో పేకాట అనుకుని కోప్పడ్డాను. పేక ఉండదు, పందెం ఉండదు. ఒకరు నడుపుతారు. లేని సీమ ఒకటి ఉన్నట్టు నడిపేవారు చెబుతారు. కొండ ఇక్కడ, ఊరు అక్కడ, ఊళ్ళో ఫలానా మనిషి ఇట్లా అంటున్నాడు అని. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మనిషి వేషం కట్టి, నేనైతే ఇది చేస్తాను అంటారు. అవుతుందో కాదో తెలియని పనికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మిగతాదంతా మాటే. మన వీధి నాటకం కూర్చుని ఆడినట్టు, కాకపోతే ఎవరి మాటలు వారే అప్పటికప్పుడు కట్టుకోవాలి.

ఆ బల్లను ఆరేళ్ళు నడిపినవాడు మాధవ. గుడి సేవ చేసిన ఇంటివాడు, ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం. ఆడేవాళ్ళు నలుగురు: మా రూప, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో తూకం దగ్గర పనిచేసే లోకేశ్, చింతామణి ఆసుపత్రిలో నర్సు ప్రతిమ, బాగేపల్లి హైవే పక్కన మొబైలు అంగడి పెట్టుకున్న అమోఘ్.

ఈ ఏడు, అంటే 2025 జూన్ ఎనిమిదో తేదీ ఆదివారం, ఆట ముగిశాక మాధవ పాచికలు పెట్టెలో పెడుతూ తన బదిలీ సంగతి చెప్పాడట.

"నాకు వర్గావణె అయ్యింది. బీదరు. పదహారో తేదీ సోమవారం ఆడ చేరల్ల."

అమోఘ్ అడిగాడు. "బీదరంటే యాడ సార్? కర్ణాటక పటంలో తలకాయ మీద ఉండాదే, అదా?"

"అదే. నెత్తిన జుట్టు."

"మరి మన బల్ల?" అని ప్రతిమ అడిగింది.

"నడిపేవాళ్ళుంటే ఈడనే ఉంటాది. లేకపోతే పెట్టె నాతో వస్తాది. నా సీమ మాత్రం మీకు పనికిరాదప్పా, అదంతా నా తలలో ఉండాది. కొత్తది కావల్ల. పదహైదో తేదీ ఎవరన్నా కొత్త సీమ తెస్తే నేను కూర్చుని ఆడతా. ఆరేండ్లయింది నేను ఆడి. ఆ సాయంత్రం నాకు బస్సు."

రూప చెయ్యెత్తింది. బళ్ళో ఎత్తినట్టు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పురుగులకు ఆకు వేస్తూ నాకు సంగతి చెప్పింది. "ఒప్పుకున్నాను తాతా. వారం దినాల్లో సీమ కట్టల్ల. నాకు చేతకాదేమో."

"చేతకాకపోతే ఏమవుతాది? ఆటే కదమ్మా?"

ఆకు వేసే చెయ్యి ఆగింది. "అంగట్లో నన్ను ఏయ్ జెరాక్సూ అని పిలుస్తారు తాతా. పేరు కూడా అడగరు. ఆ బల్ల దగ్గర నేను చెప్పే మాట కోసం నలుగురు ఆగుతారు. అది పోతే నాకు వారమంతా సోమవారమే."

ఆ మాట విన్నాక నేను ఆటే కదా అనడం మానేశాను.

సోమవారం అంగడి నుంచి వచ్చాక రూప చాప మీద ఖాకీ కాగితం పరిచి పటం గీసింది. తొమ్మిది రాజ్యాలు, రెండు సముద్రాలు, నాలుగు వందల ఏళ్ళ చరిత్ర. రాజుల పేర్లే ఒక పేజీ. నా భార్య రామలక్ష్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది.

"ఇన్ని రాజ్యాలు ఎవరు ఏలల్లమ్మా? మన పంచాయితీకే మనుషులు చాలరు."

"అవ్వా, ఇది ఆట."

"ఆటే కానీ, ఈ సముద్రం పక్కన ఇంత తెల్లగా ఉండాదే, ఈడ ఎవరుండారు?"

"ఇంకా రాయలేదు."

"ఆదివారం లోపల రాస్తావా?"

రూప పటం ఫోటో తీసి మాధవకు పంపింది. ఆయన మాట రికార్డు చేసి పంపాడు. నేనూ విన్నాను. "రూపా, ఆడేవాళ్ళు ఒక రోజు నడిచి చేరేంత నేల చాలు. ఒక కొండ, ఒక నీళ్ళ దారి, ఒక ఊరు, ప్రమాదమున్న ఒక చోటు. మిగతాది ఖాళీగా వదులు. ఖాళీ ఉంటేనే వాళ్ళు అడుగుతారు. తొమ్మిది రాజ్యాలొద్దు, మూడు గుంపులు చాలు. ముగ్గురికీ ఒకటే వస్తువు కావల్ల, కారణాలు మాత్రం వేరు వేరుగా ఉండల్ల. ఇంకొకటి. కథ రాయొద్దు తల్లీ. కథ వాళ్ళు ఆడతారు. నువ్వు చిక్కు రాయి."

తొమ్మిది రాజ్యాల కాగితం మడిచి అటక మీద పెట్టేసింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మంగళవారం మా పురుగులు పండాయి. పండిన పురుగు ఆకు ముట్టదు, ఒళ్ళు పసుపుగా మెరుస్తుంది, తల ఎత్తి గూడు కట్టే చోటు వెతుక్కుంటుంది. వాటిని ఏరి చంద్రికల మీద వెయ్యాలి. చంద్రిక అంటే వెదురు తడిక మీద సుళ్ళుగా వెదురు పట్టీ కట్టిన చట్రం, పురుగు ఆ సుళ్ళ మధ్యన గూడు అల్లుకుంటుంది. అంగడికి సెలవు పెట్టి రూప కూడా చెయ్యి కలిపింది. చెయ్యి ఇక్కడ, మనసు పటం మీద. పండని పురుగుల్ని కూడా వేసేస్తోంది.

"చూసి వెయ్యమ్మా," అన్నాను. "గూడు కట్టినాక మన చేతిలో ఉండేది కొన్ని దినాలే. గూడు గట్టిపడినాక మార్కెట్టుకు పోవల్ల. పదో దినం దాటినామంటే లోపలిది రెక్కలొచ్చి గూటికి కన్నం పెట్టుకుని వచ్చేస్తాది. అప్పుడు దారం తీసే రీలరు ముట్టడు."

రూప లేచి నిలబడింది. చేతిలో పురుగు అలాగే ఉంది.

"తాతా, ఒకటే గూడు."

"ఏందమ్మా?"

"కొండ మీద ఒకటే గూడు. ఇల్లంత గూడు. పన్నెండేండ్లకొకసారి కడతాది. ముగ్గురికీ అదే కావల్ల. పదో దినం లోపల."

"ముందర ఆ పురుగును కింద పెట్టు, పాపం."

ఆ విధంగా సీమ పుట్టింది. నా నోటి మాటలోంచి పుట్టిందని నేను చెప్పుకుంటాను, రూప కాదనదు.

బుధవారానికి కొత్త పటం తయారైంది. పురుగుల తట్టల కింద పరిచే పాత కాగితం వెనక స్కెచ్ పెన్నుతో గీసింది. మధ్యలో చంద్రికగట్టు, దాని మీద గూడు. గట్టుకు దక్షిణాన మల్బరీ తోటలు, అక్కడ ఆకువాళ్ళు. ఏడాది పొడుగునా ఆ పెద్ద పురుగును మేపినవాళ్ళు వాళ్ళే. తూర్పున ఏటి ఒడ్డున బాణలివాళ్ళ ఊరు, గూటిని వేడినీళ్ళలో వేసి దారం తీసేవాళ్ళు. గట్టు గుహల్లో రెక్కలవాళ్ళు. పురుగు రెక్కలతో బయటికొచ్చి గుడ్లు పెడితేనే ఇంకో పన్నెండేళ్ళకు సీమకు పట్టు ఉంటుందని కాపలా కాసేవాళ్ళు. దూరాలన్నీ నడకలోనే రాసింది. తోటల నుంచి గట్టుకు అర పూట, గట్టు నుంచి ఏటికి ఒక పూట.

నేను పటం చూసి ఒక తప్పు పట్టాను. "ఏరు ఇట్ల పారుతాంటే బాణలివాళ్ళ ఊరు పైన, తోటలు కింద పడతాయి కదా. వాళ్ళ మురికి నీళ్ళన్నీ తోటల్లోకి వస్తాయి."

రూప పటం తిప్పి చూసుకుని నవ్వింది. "తెలిసి పెట్టలేదు తాతా. అయినా ఉండనీ. కొట్లాటకు పనికొస్తాది."

గుంపుకొక అట్ట ముక్క. దాని మీద ఐదే మాటలు: ఏం కావాలి, చేతిలో ఏముంది, ఎవరంటే భయం, వాళ్ళ తరపున మాట్లాడే ఒక మనిషి పేరు, ఎవరూ అడ్డం రాకపోతే ఏం చేస్తారు. పక్కన ఒక గుండ్రం గీసి ఆరు ముక్కలు చేసింది. ఆట సాగేకొద్దీ, ఆడేవాళ్ళు ఆలస్యం చేసినా, పని చెడినా, ఒక్కో ముక్క నల్లగా నింపుతారు. ఆరూ నిండితే గూడు బాణలిలో పడుతుంది.

బాణలివాళ్ళ అట్ట రాయడానికి నేనే సాయం చేశాను. నలభై ఏళ్ళుగా రీలర్లతో బేరమాడినవాణ్ణి, నాకు తెలియదా? గూడు ఊపి చూసి పెదవి విరిచే విధం, తడి ఉందని వంక పెట్టే విధం, అన్నీ చెప్పాను. రూప వాళ్ళను రాక్షసుల్లాగా రాసింది. ఆవిరిలో నల్లబడిన ముఖాలు, పీనుగ చేతుల్లాగా ఉడికి తెల్లబడిన చేతులు, బతికున్న పురుగును ఉడికించి నవ్వే మనుషులు. మేమిద్దరం అది చదువుకుని చాలా బాగుందనుకున్నాం.

గురువారం రూపతో నేను కూడా శిడ్లఘట్టకు వెళ్ళాను. మార్కెట్టులో వేలం ముగిశాక లోకేశ్‌ను టీ అంగడి దగ్గర కూర్చోబెట్టి రూప గుంపుల సంగతి చదివి వినిపించింది. నడిపేవాళ్ళు అట్టలు ఆడేవాళ్ళకు చూపించరు. కానీ అట్టల వెనకున్న రహస్యాలు దాచి, సీమలో అందరికీ తెలిసే సంగతులు చెప్పి, ఎట్లా ఉందని ఒకరిని అడగాలనుకుంది.

లోకేశ్ గ్లాసు చేతిలో తిప్పుతూ విన్నాడు. "బాగుండాది," అన్నాడు. అంతే.

"అంతేనా? గూడు ఎట్లుండాది? పది దినాల లెక్క ఎట్లుండాది?"

"బాగుండాదంటి కదా." గ్లాసు కింద పెట్టి, "ఆదివారం నేను రాలేనేమో రూపా," అన్నాడు.

రూప అట్టలు ఒళ్ళో పెట్టేసింది. నలుగురిలో ఒకడు తప్పుకుంటే బల్ల తేలిపోయినట్టే. "ఎందుకప్పా? నేను చెప్పేది బాగలేదా? చెప్పు."

లోకేశ్ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "ఉడికి తెల్లబడిన చేతులు, పీనుగ చేతులు అంటివే. అవి మా అమ్మ చేతులు."

మూడేళ్ళుగా పక్కపక్కన కూర్చుని ఆడుతున్నారు. వాళ్ళమ్మ రీలింగ్ పనికి వెళ్ళేదని రూపకు తెలియదు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకు రీలరంటే బేరమాడే నోరు ఒక్కటే కనబడుతుంది, బాణలి ముందర కూర్చున్న మనిషి కనబడదు. నలభై ఏళ్ళు నాకూ కనబడలేదు.

రూప అట్ట చింపబోయింది. లోకేశ్ చెయ్యి పట్టుకున్నాడు. "చింపొద్దు. ఇంటికి రా. అమ్మను అడుగు."

లోకేశ్ తల్లి అక్కయమ్మ. ఇరవై రెండేళ్ళు బాణలి ముందర కూర్చుంది. ఆమె పని మానేసి నాలుగేళ్ళయింది, చేతివేళ్ళ చివర్లు ఇప్పటికీ నునుపుగా, గీతల్లేకుండా ఉన్నాయి. ఆధార్ ఆఫీసులో వేలిముద్ర పడదని నవ్వుతూ చెప్పింది. మాకు మజ్జిగ ఇచ్చి, లేని సీమ కథంతా విని, ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఆ దారంతో వాళ్ళేం చేస్తారమ్మా?"

రూపకు ఆ ఆలోచనే రాలేదు.

"దారం తీసేవాళ్ళు ఊరికే తీస్తారా? ఎవరికో కావల్ల కదా. ఎవరో కట్టుకోవల్ల, ఏందో కట్టల్ల. నాకు గూళ్ళు రాని దినం ఇంట్లో పొయ్యి లేదు. పురుగు మీద జాలి లేదనుకుంటారు రైతులు. ఉండాదప్పా," అని నా వైపు తిరిగింది. "నేను పోయిన చోటంతా ఒక పద్ధతి పెట్టుకున్నా. దినం మొదటి బాణలిలో వేసేముందర ఒక గూడు తీసి గోడ గూట్లో పెట్టేదాన్ని. అది రెక్కలొచ్చి పోనీ అని. యజమాని చూసీ చూడనట్టు పోయేవాడు."

"ఆ కన్నం పడిన గూడు పారేసేదానివా అమ్మా?" అని రూప అడిగింది.

"పారేస్తానా! కన్నం పడిన గూడు దారం తీయడానికే రాదు, పోగు తెగిపోయింటాది. కానీ ఉడకబెట్టి, మెత్తగా చేసి, చేత్తో వడకొచ్చు. నాజూకు రాదు. గరుకుగా, గట్టిగా వస్తాది. లోకేశ్ పిల్లప్పుడు వాని మొలతాడు దాంతోనే పేనినా."

"అమ్మా, అదంతా ఇప్పుడెందుకే," అని లోకేశ్ గొణిగాడు.

"తెగిందారా ఎప్పుడన్నా?"

బస్సులో రూప బాణలివాళ్ళ అట్ట తీసి మళ్ళీ మళ్ళీ చదువుకుంది. నేను కిటికీలోంచి చూస్తూ, రీలర్ల మీద నేను నలభై ఏళ్ళుగా చెప్పిన జోకులన్నీ ఒకటొకటే గుర్తు చేసుకున్నాను.

శుక్రవారం బాణలివాళ్ళ అట్ట మళ్ళీ రాసింది. వాళ్ళు తీసే దారం వంతెనకు. ఏటి మీద లోయ దాటే తాళ్ళ వంతెన ఒకటే దారి, అవతలి ఊళ్ళకు ఉప్పు, మందులు దాని మీదే వెళ్ళాలి. పన్నెండేళ్ళ కిందటి పట్టు తాళ్ళు అరిగిపోయాయి, వానలు దగ్గరకొచ్చాయి. గుంపు తరపున మాట్లాడేది బాణలమ్మ అనే పెద్దామె. అట్ట వెనక, నడిపేవారికి మాత్రమే తెలిసే చోట, ఒక్క మాట రాసింది: ఆమె ఇంటి గోడ గూట్లో ఎప్పుడూ ఒక గూడు ఉంటుంది.

తరువాత ఆకువాళ్ళ అట్ట తీసి దాని మీద ఏదో రాసింది. నేను చదివి నిటారుగా కూర్చున్నాను.

"ఆకువాళ్ళు గూడు ఇస్తామని బాణలివాళ్ళకూ మాటిచ్చినారు, రెక్కలవాళ్ళకూ మాటిచ్చినారు అని రాసినావే! రైతుల్ని రెండు నాలుకలవాళ్ళను చేస్తివా?"

"తాతా, నిజం చెప్పు. నువ్వు ఒకరికి మాటిచ్చి ఇంకొకరికి గూళ్ళు అమ్మలేదా ఎప్పుడూ?"

లోపలి నుంచి రామలక్ష్మమ్మ గొంతు వచ్చింది. "చెప్పప్పా, చెప్పు. ఆ తెల్లగూళ్ళ ఏడాది ఏం చేస్తివో చెప్పు."

నేను తోటకు నీళ్ళు పెట్టడానికి పోయాను.

శనివారం పేర్ల పట్టీ, పుకార్లు. ఆడేవాళ్ళు ఊళ్ళో అడుగు పెట్టగానే వినబడే మాటలు మూడు కావాలట. రెండు నిజం, ఒకటి అబద్ధం, ఏది ఏదో వాళ్ళే తేల్చుకోవాలి. పుకార్ల పనిలో మా ఆవిడను మించినవారు మా తాలూకాలో లేరు. నిలబడిన చోటనే మూడు చెప్పింది. అబద్ధం ఏదో నేను కూడా కనుక్కోలేకపోయాను.

పదహైదో తేదీ ఆదివారం నేనూ వెళ్ళాను. చూడడానికి మాత్రమే. గదిలో అప్పటికే మాధవ, ప్రతిమ, అమోఘ్ ఉన్నారు. పది గంటలైంది. నాలుగో కుర్చీ ఖాళీ. రూప పటం పరిచి నాలుగు మూలలా పాచికలు బరువు పెట్టింది. పది దాటి ఏడు నిమిషాలకు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. లోకేశ్. వాళ్ళమ్మ ఇచ్చిన చక్కిలాల డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొదలుపెడదామా?" అంది రూప. వేలితో పటం మీద వంతెన చూపించింది. "మీరు నలుగురూ వంతెన దాటుతాండారు. నడి మధ్యలో మీ కాళ్ళ కింద ఒక తాడు తెగింది."

"వచ్చీ రాంగానే చంపేస్తాండావు కదక్కా!" అన్నాడు అమోఘ్.

"చావరు. ఉప్పు మూట లోయలో పడింది. ఆ మూట ఎవరిదో అవతల ఒక ముసలామె చూస్తా ఉండాది."

అట్లా నడిచింది. ఆరేళ్ళు బల్లకు తల దగ్గర కూర్చున్న మాధవ ఆ రోజు పక్కన కూర్చుని, రెక్కలవాళ్ళలో పెరిగి బయటికొచ్చిన వంటవాడి వేషం కట్టి, ప్రతి ఊళ్ళో ముందర తిండి ఏముందని అడిగాడు. ఆయన అంతగా నవ్వుతాడని వాళ్ళెవరికీ తెలియదట. ప్రతిమ ఆకువాళ్ళ పెద్దను ప్రశ్నల మీద ప్రశ్నలడిగి రెండు మాటలిచ్చిన సంగతి బయటికి లాగింది. రోగుల దగ్గర మందులు తిన్నారా లేదా అని అడిగే అలవాటు కదా. అమోఘ్ అబద్ధపు పుకారును నమ్మి గుహలో ఒక పూట పోగొట్టాడు. రూప గుండ్రంలో ఒక ముక్క నల్లగా నింపింది. దాంతో నాలుగు ముక్కలు నిండాయి.

అప్పుడు లోకేశ్ బాణలమ్మ ఇంటికి వెళతానన్నాడు. గూటిని బాణలిలో వేయొద్దని బతిమాలతానన్నాడు.

"పాచిక వెయ్యి," అంది రూప. "పదమూడో, అంతకు మించో పడల్ల. ఇరవైలో ఎనిమిది అవకాశాలు. తప్పితే ఇంకో ముక్క నిండుతాది. ముందరే చెబుతాండా."

పదకొండు పడింది.

ఐదో ముక్క. రూప బాణలమ్మ గొంతుతో అంది, "వంతెన తెగినాక నీ రెక్కల పురుగు అవతలి పిల్లలకు ఉప్పు మోసకపోతాదా నాయనా?" మిగిలింది ఒక్క ముక్క.

లోకేశ్ బల్ల మీది పటం వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "నేను ఆమె ఇంట్లో గోడ గూటి వైపు చూస్తాను. ఆడ ఒకటి పెట్టింటారు కదా?"

ఆ మాట రూప ఎవరికీ చెప్పలేదు. అట్ట వెనకుంది. మాధవ రూప ముఖం చూశాడు, ఏం చేస్తుందో అని. రూప పాచిక వైపు కూడా చూడలేదు.

"ఉండాది. దీనికి పాచిక అక్కరలేదు," అంది. తరువాత బాణలమ్మ అయ్యి, "ఎవరు చెప్పినారు నీకు?" అంది.

"మా అమ్మ కూడా అట్లనే పెడతాది."

"కన్నం పడినాక దాన్నేం చేస్తాది మీ అమ్మ?"

"వడుకుతాది. గరుకుగా, గట్టిగా వస్తాది. నాజూకు చీరకు కావల్ల గానీ, వంతెనకు ఎందుకమ్మా?"

అమోఘ్ బల్ల గుద్దాడు. "అంటే పురుగును పోనిచ్చి, కన్నం పడిన గూటితో తాడు పేనొచ్చు!"

"పేనొచ్చు," అంది రూప, మళ్ళీ తన గొంతుతో. "కానీ వడకడానికి ఒక నెల పడతాది. వానలు పది దినాల్లో వస్తాయి. అంతవరకు వంతెన ఎవరు కాస్తారు? రెండు మాటలిచ్చిన ఆకువాళ్ళను ఎవరు నమ్ముతారు?"

నలుగురూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. గోడ గడియారంలో రెండున్నర. రూప చెయ్యెత్తింది, ఈసారి ఆపడానికి. "ఈడికి చాలు."

"చాలా?" అన్నాడు అమోఘ్. "వంతెన మీద నన్ను నిలబెట్టి చాలా? వచ్చే ఆదివారం తొమ్మిదిన్నరకే మొదలు పెడదామక్కా."

"నాకు ఆ వారం డ్యూటీ ఉండాది, మార్చుకుంటా," అంది ప్రతిమ.

మాధవ లేచి పెట్టెను రెండు చేతులతో తీసుకుని బల్లకు తల దగ్గర, రూప ముందర పెట్టాడు. లోపలి నుంచి ఒక్క పాచిక మాత్రం తీసి జేబులో వేసుకున్నాడు. "ఇది ఒకటి నాతో రానీ," అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను పక్కకు తిరిగి చక్కిలం నోట్లో వేసుకున్నాను.

దిగేటప్పుడు మెట్ల మీద లోకేశ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "చూసి దిగప్పా," అన్నాడు. నేను అతన్ని ఒక్కటే అడిగాను. "మీ అమ్మను ఒకసారి మా షెడ్డు చూడడానికి పిలుచుకుని రా నాయనా." తరువాత ఒకరోజు అక్కయమ్మ వచ్చింది. ఆ మూరెడు గోడ మీద గీతలు చూసి, వేళ్ళతో తడిమి, "ఈ పిల్ల ముందర నుంచీ ఇంతేనా," అంది.

ఆ రోజు నుంచి రెండు ఆదివారాలు తప్ప బల్ల ఆగలేదు. అక్టోబరులో వంతెన కొత్త తాళ్ళతో నిలబడింది. ఆకువాళ్ళు రెండు మాటలిచ్చినందుకు ఇంకా అపరాధం కడుతూనే ఉన్నారు, నేనెంత చెప్పినా రూప వాళ్ళను వదలడం లేదు. కొత్తగా ఇద్దరు చేరారు, కుర్చీలు చాలక కింద అంగడి నుంచి స్టూళ్ళు తెచ్చుకుంటున్నారు. జెరాక్సుకు వచ్చేవాళ్ళు కూడా కొందరు ఇప్పుడు రూపక్క ఉందా అని పేరు పెట్టి అడుగుతారు. నా గెలుపులన్నీ ఒక పక్క పెట్టి చెబుతున్నాను, మా ఇంట్లో ఇంతకన్నా పెద్దది ఎవరూ చేయలేదు.

బీదరులో మాధవకు తోడు నలుగురు దొరికారట. బల్ల మొదలుపెట్టాలి, కానీ వాళ్ళకు రూప సీమే కావాలట, రూప నోటనే వినాలట. నవంబరు ఆరో తేదీ గురువారం పటం చుట్టి సంచిలో పెట్టుకుని హైదరాబాదు మీదుగా వెళ్ళింది. పెట్టె ఇక్కడే వదిలింది, అట్టలు లోకేశ్ చేతికిచ్చింది. తొమ్మిదో తేదీ ఆదివారం అతనే నడిపాడు. బాణలమ్మ గొంతు అచ్చం వాళ్ళమ్మ గొంతులాగే ఉందని ప్రతిమ ఫోను చేసి చెప్పింది. తిరుగు బస్సు తెల్లవారి బాగేపల్లికి వస్తుంది, అమోఘ్ అక్కడ ఎక్కి ఆమె పక్కన కూర్చుని రావాలని మాట. నేను నేరుగా చిక్కబళ్ళాపురం బస్టాండులో ఉంటాను. రూప వచ్చేది నవంబరు పదహారు, ఆదివారం. వెళ్ళిన పదో రోజు.